వాచీ స్టీలు చైనులో లింకులు తీసి చేతికి సరిచేసుకోవడం: కొలత నుంచి చివరి పిన్ను దాకా

కొత్తగా కొన్న స్టీలు చైను వాచీ దాదాపు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. లావు చేతికి కూడా సరిపోవాలని కంపెనీ చైనును పొడుగ్గా తయారుచేస్తుంది, మిగిలిన లింకులు తీయించుకోవడం కొన్నవాళ్ల పని. సరైన పనిముట్టు ఉంటే పిన్ను బయటికి నెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. పొరపాట్లు ఎక్కువగా అంతకుముందే, ఎన్ని లింకులు తీయాలో లెక్కవేసే దగ్గర జరుగుతాయి. ఉదయం చల్లని వేళ చెయ్యికి అతుక్కునేలా చైను బిగించుకుంటే మధ్యాహ్నానికల్లా ఒత్తుకుని ఎర్రటి చార పడుతుంది. మళ్లీ లింకు కలపాలి, అదే పిన్నును మళ్లీ తీసి పెట్టాలి, అలా తీసి పెట్టినకొద్దీ పిన్ను పట్టు తగ్గుతుంది. అందుకే ఇక్కడ కొలతకే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఇది నెట్టుడు పిన్నులున్న చైనుల గురించి. మార్కెట్లో మామూలుగా దొరికే స్టీలు చైను వాచీల్లో ఎక్కువ వాటికి ఇవే ఉంటాయి.

ముందు చైను ఏ రకమో చూడండి

వాచీని బోర్లించి చైను లోపలి వైపు చూడండి. బకిల్‌కు దగ్గరగా ఉన్న కొన్ని లింకుల మీద చిన్న బాణం గుర్తులు కనిపిస్తే అది నెట్టుడు పిన్నుల చైను. బాణాలున్న లింకులే తీయడానికి వీలైనవి. డయల్‌కు ఆనుకుని ఉన్న లింకులకు బాణాలు లేకపోతే వాటి జోలికి వెళ్లకూడదు, అవి శాశ్వతంగా బిగించినవి.

ఇప్పుడు చైను పక్క అంచును భూతద్దంతో చూడండి. ప్రతి కీలు దగ్గరా రెండు అంచుల్లోనూ చిన్న గుండ్రటి పిన్ను కొన కనిపిస్తుంది. ఒకవైపు కొన మీద సన్నటి చీలిక ఉండవచ్చు. దీన్ని స్క్రూ తలకాయ అనుకుని చాలామంది స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతారు, కొన చెడగొట్టుకుంటారు. తేడా ఇలా పోల్చుకోండి. స్క్రూ అయితే తలకాయ వెడల్పుగా, గాడి లోతుగా, స్పష్టంగా ఉంటుంది. చీలిక పిన్ను కొన సన్నగా ఉంటుంది, చీలిక గీత కత్తితో గీసినంత సన్నగా ఉంటుంది, పక్కనే లోపలివైపు బాణం కూడా ఉంటుంది. అది నిజంగా స్క్రూ అయితే పిన్ను నెట్టే పనిముట్టు వాడకండి, మరలు పాడైపోతాయి. స్క్రూ చైనుకు గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న బ్లేడు కావాలి, అది వేరే పని.

నెట్టుడు పిన్నుల్లో మళ్లీ రెండు రకాలు. మొదటిది చీలిక పిన్ను. ఒక కొన రెండుగా చీలి కొద్దిగా విచ్చుకుని ఉంటుంది, ఆ విచ్చుకున్న భాగం రంధ్రం గోడను ఒరుసుకుని పట్టు ఇస్తుంది. రెండోది కాలర్ పిన్ను. పిన్ను నున్నగా ఉంటుంది, లింకు లోపల ఒక చిన్న లోహపు గొట్టం ఉంటుంది, పిన్నును పట్టుకునేది ఆ గొట్టమే. సీకో, సిటిజన్ వాచీల్లో ఈ రకం తరచుగా కనిపిస్తుంది. ఈ గొట్టాన్నే కాలర్ అంటారు. బియ్యపు గింజ కన్నా చిన్నది, పిన్ను తీయగానే చప్పుడు లేకుండా జారిపోతుంది. బయటినుంచి చూసి ఏ రకమో చెప్పడం కష్టం. కాబట్టి మొదటి పిన్ను తీసేటప్పుడు కాలర్ ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి.

మణికట్టు కొలత

వాచీ కూర్చునే చోటు మణికట్టు మడత మీద కాదు. చిటికెన వేలు వైపు చేతి పైభాగంలో ఉబ్బుగా ఒక ఎముక తగులుతుంది. వాచీ ఆ ఎముక దాటి, మోచేతి వైపు కూర్చోవాలి. ఎముక మీదే కూర్చుంటే చెయ్యి వంచినప్పుడల్లా అంచు పొడుచుకుంటుంది, ఎముక దాటి అరచేతి వైపు జారితే కిరీటం, అంటే టైము తిప్పే మర, చేతి వెనక భాగానికి గుచ్చుకుంటుంది. కొలత కూడా ఎముక వెనకే, వాచీ నడిమి గీత వచ్చే చోటే తీసుకోవాలి.

టైలర్ టేపు ఉంటే సరే. లేకపోతే 1 సెంటీమీటరు వెడల్పున్న కాగితం చీలిక చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, స్కేలు మీద కొలవండి. దారం వద్దు, లాగితే సాగుతుంది, చర్మంలోకి దిగి తక్కువ చూపిస్తుంది. కాగితాన్ని చర్మానికి ఆనించాలి, బిగించకూడదు. పిడికిలి బిగించి ఒకసారి, వేళ్లు వదులుగా పెట్టి ఒకసారి కొలవండి. స్నాయువులు ఉబ్బడం వల్ల పిడికిలి బిగించినప్పటి కొలత కాస్త ఎక్కువ వస్తుంది. లెక్కకు ఆ పెద్ద కొలతనే తీసుకోండి.

కొలిచే వేళ కూడా ముఖ్యం. వేడిలో చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల, రోజంతా చెయ్యి కిందికి వేలాడటం వల్ల సాయంత్రానికి మణికట్టు కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఉప్పు ఎక్కువ తిన్న రోజు, దూరప్రయాణం చేసిన రోజు ఇంకాస్త ఉబ్బవచ్చు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉండే మనిషి చేతికీ, డిసెంబరులో అదే చేతికీ తేడా ఉంటుంది. స్టీలు తోలు పట్టీలా సాగదు, ఈ తేడాకు చోటు మనమే వదలాలి. సాయంత్రం పూట, ఏసీ గదిలో కాకుండా మామూలు వేడిలో కొలిస్తే లెక్క నమ్మకంగా ఉంటుంది. చలికాలంలో కొలుస్తుంటే మాత్రం ఎండాకాలానికి ఒక రంధ్రం మిగిలేలా చూసుకోవాలి. ఆ రంధ్రం సంగతి ఇప్పుడు చెప్పుకుందాం.

బకిల్ రంధ్రాలు: లెక్క ఇక్కడినుంచే మొదలవ్వాలి

మడత బకిల్ పక్క అంచు చూస్తే వరసగా మూడు నుంచి ఆరు దాకా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చైను చివరను బకిల్‌కు కలిపే స్ప్రింగ్ బార్ ఈ రంధ్రాల్లో ఒకదాంట్లో కూర్చుని ఉంటుంది. దాన్ని ఒక రంధ్రం జరిపితే చైను పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. లింకు తీస్తే 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఒక్కసారే తగ్గుతుంది. అంటే లింకు పెద్ద మెట్టు, రంధ్రం చిన్న మెట్టు.

ఎక్కువ మంది చేసే తప్పు ఏమిటంటే ఉన్న రంధ్రాన్ని పట్టించుకోకుండా లింకులు లెక్కపెట్టడం. కొత్త వాచీలో బార్ తరచు అన్నిటికన్నా బయటి రంధ్రంలో ఉంటుంది. అలాగే ఉంచి చైను సరిచేసుకుంటే తర్వాత చెయ్యి ఉబ్బినప్పుడు వదులు చేయడానికి చోటు మిగలదు. కాబట్టి కొలిచేముందే బార్‌ను నడిమి రంధ్రంలోకి మార్చండి. రంధ్రాలు సరిసంఖ్యలో ఉంటే, బయటినుంచి లెక్కపెట్టి నడిమికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

మార్చే పద్ధతి ఇది. స్ప్రింగ్ బార్ పనిముట్టుకు ఒక చివర సన్నటి సూది కొన, రెండో చివర రెండుగా చీలిన చిన్న పంగ కొన ఉంటాయి. సూది కొనతో బకిల్ పక్క రంధ్రంలోంచి బార్ కొనను లోపలికి నొక్కి, ఆ వైపును నెమ్మదిగా కావలసిన రంధ్రం వైపు జరపండి. నొక్కేటప్పుడు రెండో చేతి వేలు బార్ మీద ఆనించి ఉంచాలి, లేదా పని మొత్తాన్నీ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ లోపల చెయ్యాలి. స్ప్రింగ్ ఎగిరితే దొరకదు. కొన రంధ్రంలో పడగానే టిక్కుమంటుంది. తర్వాత రెండో వైపు కూడా అదే వరస రంధ్రంలో ఉందో లేదో తప్పనిసరిగా చూడండి. ఒకవైపు రెండో రంధ్రంలో, రెండో వైపు మూడో రంధ్రంలో ఉంటే బార్ ఏటవాలుగా నిలిచి, ఎప్పుడో ఒకరోజు జారి వాచీ కింద పడుతుంది.

సీతాకోకచిలుక రెక్కల్లా రెండువైపులా తెరుచుకునే బకిల్‌కు ఈ రంధ్రాలు ఉండవు. అలాంటి చైనుకు చిన్న మెట్టు కావాలంటే సగం లింకు మీదే ఆధారపడాలి. అది చైనులోనే ఉండవచ్చు, విడిగా కొనాల్సి రావచ్చు.

లెక్క: ఒక ఉదాహరణ

మణికట్టు కొలత 168 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బకిల్‌కు నాలుగు రంధ్రాలున్నాయి, ఒక్కోదాని మధ్య దూరం 3 మిల్లీమీటర్లు. బార్‌ను బయటినుంచి రెండో రంధ్రంలో పెట్టాం.

ఇప్పుడు బకిల్ మూసి, కాగితం చీలికను చైను లోపలి గోడ వెంబడి, వాచీ వెనక మూత మీదుగా చుట్టూ ఆనించి తిప్పండి. కలిసిన చోట గీత పెట్టి కొలిస్తే చైను లోపలి చుట్టుకొలత వస్తుంది. అది 204 అనుకుందాం. స్టీలు చైనుకు మణికట్టు కొలత మీద 8 నుంచి 10 మిల్లీమీటర్ల వదులు చాలామందికి హాయిగా ఉంటుంది. పెద్ద, బరువైన వాచీకి 6 కూడా మంచిదే, లేకపోతే డయల్ బరువుకు పక్కకు తిరిగిపోతుంటుంది. ఇక్కడ 8 తీసుకుంటే కావలసిన చుట్టుకొలత 176. అంటే తగ్గించాల్సింది 28.

లింకు పొడవు ఒక్కదాన్ని కొలిస్తే తప్పు వస్తుంది. ఐదు లింకులను చాచి, మొదటి పిన్ను నుంచి ఐదు లింకుల అవతలి పిన్ను దాకా కొలిచి ఐదుతో భాగించండి. 45 వస్తే ఒక్కో లింకు 9. మూడు లింకులు తీస్తే 27 తగ్గి చుట్టుకొలత 177 అవుతుంది, వదులు 9. ఎండాకాలంలో ఒక రంధ్రం బయటికి జరిపితే 180. చలికాలంలో లోపలికి జరిపితే 174, ఇంకోటి జరిపితే 171. ఇది మంచి లెక్క, రెండు వైపులా చోటు ఉంది.

అదే నాలుగు లింకులు తీసి ఉంటే 168 వచ్చేది, అంటే చర్మానికి చైనుకు మధ్య చోటే లేదు. చివరి రంధ్రానికి జరిపినా 171, కేవలం 3 మిల్లీమీటర్ల వదులు. అందుకే రెండు సంఖ్యల మధ్య ఊగిసలాడుతుంటే తక్కువ లింకులు తీసే వైపే మొగ్గండి. వదులైన చైనులో ఇంకో లింకు తీయడం కొన్ని నిమిషాల పని. బిగువైన చైనుకు లింకు తిరిగి కలపడం అంటే అప్పటికే పాత పిన్ను మీద ఆధారపడటం.

ఏ వైపు ఎన్ని

మూసినప్పుడు బకిల్ మణికట్టు కింది భాగంలో నడిమికి రావాలి. సరిసంఖ్య అయితే రెండు వైపులా సమానంగా తీయండి. బేసి అయితే 6 అంకె వైపు ఒకటి ఎక్కువ తీయడం వాచీ పనివాళ్ల అలవాటు. పై ఉదాహరణలో మూడు కాబట్టి 6 వైపు రెండు, 12 వైపు ఒకటి.

తప్పు పడిందో లేదో వాచీ పెట్టుకుని అరచెయ్యి పైకి తిప్పితే తెలిసిపోతుంది. 6 అంకె బొటనవేలి వైపు ఉంటుంది. బకిల్ బొటనవేలి వైపుకు జరిగి ఉంటే 6 వైపు చైను పొట్టిగా ఉన్నట్టు, 12 వైపునుంచి ఒక లింకు తీసి ఇటు కలపాలి. చిటికెన వేలి వైపుకు జరిగి ఉంటే దానికి తలకిందులు. మొత్తం పొడవు మారదు, సమతూకం మాత్రమే మారుతుంది.

పనిముట్లు

స్క్రూ తిప్పితే సూది ముందుకు వచ్చి పిన్నును నెట్టే చిన్న పరికరం ఒకటి ప్రతి వాచీ కిట్‌లోనూ వస్తుంది, ఎక్కువగా నీలం ప్లాస్టిక్‌తో ఉంటుంది. మామూలు చైనుకు అది చాలు. అయితే దాని సూది వంగుతుంది, విరుగుతుంది, కాబట్టి విడి సూదులున్న కిట్టే తీసుకోండి. దీని బదులు చిన్న సుత్తి, పంచ్, గాళ్లున్న ప్లాస్టిక్ దిమ్మె కూడా వాడవచ్చు. గట్టిగా పట్టేసిన పిన్నుకు ఇదే మెరుగు. పంచ్ కొన పిన్ను కన్నా కొద్దిగా సన్నగా ఉండాలి. చైను పిన్నులు సాధారణంగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు మందం, కాబట్టి 0.7, 0.8, 0.9 మిల్లీమీటర్ల కొనలుంటే చాలావాటికి సరిపోతాయి. కొన లావైతే రంధ్రం అంచు మీద కొట్టి చైనును గీస్తుంది.

ఇవి కాక సన్నమూతి ప్లేయర్, ట్వీజర్, భూతద్దం, గీతలు పడకుండా అతికించే కాగితపు టేపు, అంచులున్న తెల్లని పళ్లెం కావాలి. పళ్లెం తెల్లగా ఎందుకంటే కాలర్ కనిపించడానికి. నేల మీద తివాచీ ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి.

పిన్ను తీయడం

1. బకిల్ తెరిచి చైనును చాచండి. మెరుగుపెట్టిన భాగాలకు కాగితపు టేపు అంటించండి. స్క్రూ పరికరం వాడుతుంటే చైనును వాచీనుంచి విడదీయక్కర్లేదు, డయల్ కింద గుడ్డ మడత పెట్టి వేలాడకుండా చూస్తే చాలు. సుత్తి వాడబోతుంటే మాత్రం ముందు చైనును వాచీనుంచి తీసేయండి. దెబ్బల అదురు లోపలి యంత్రానికి, ముఖ్యంగా ఆటోమేటిక్ వాచీలకు మంచిది కాదు.

2. తీయాల్సిన లింకులు గుర్తుపెట్టుకోండి. పక్కపక్కనున్న రెండు లింకులు తీయాలంటే మూడు పిన్నులూ తీయక్కర్లేదు. ఆ జంటకు ఇటు ఒకటి, అటు ఒకటి, రెండు పిన్నులు తీస్తే జంట కలిసే బయటికి వస్తుంది. తర్వాత ఒక పిన్నుతో చైను కలుపుతారు, ఒకటి మిగులుతుంది. బకిల్‌కు అతుక్కున్న చివరి లింకు వదిలేసి, దాని పక్కనుంచి తీయండి.

3. చైనును పరికరంలో నిలువుగా, అంచు సూది వైపు ఉండేలా కూర్చోబెట్టండి. సూది బాణం తోక వైపు ఉండాలి, బాణం మొన సూదికి దూరంగా చూపాలి. అంటే పిన్ను బాణం చూపే దిక్కుకే బయటికి వస్తుంది.

4. సూది కొన పిన్నును తాకేదాకా తిప్పి ఆగండి. భూతద్దంతో చూడండి: సూది పిన్ను నడిమిని తాకుతోందా, రంధ్రంతో ఒకే గీతలో ఉందా? ఎత్తు తేడా ఉంటే పరికరం కింద ఉన్న సర్దుబాటు మరతో సరిచేయండి. సూదులు విరిగేది దాదాపు ఎప్పుడూ ఈ చూపు చూడకుండా తిప్పడం వల్లనే.

5. పావు తిప్పు తిప్పుతూ ముందుకు పోండి. మొదట గట్టిగా ఉండి, ఒక చిన్న టక్కుమన్న చప్పుడుతో పిన్ను కదులుతుంది. ఆ తర్వాత తేలికగా వస్తుంది. కదలకుండానే సూది విల్లులా వంగుతోందంటే వెంటనే వెనక్కి తిప్పండి, బలం పెంచకండి.

6. పిన్ను కొన అవతలి వైపు 2, 3 మిల్లీమీటర్లు బయటికి రాగానే సూది వెనక్కి తీసి, ప్లేయర్‌తో కొనను పట్టుకుని తిన్నగా లాగండి. పక్కకు వంచుతూ లాగితే పిన్ను వంగుతుంది, వంగిన పిన్ను మళ్లీ పనికిరాదు.

7. లింకులు విడదీసేముందు చైనును పళ్లెం మీదకు తేవాలి. నెమ్మదిగా విడదీసి, పిన్ను మీద, లింకు మధ్య రంధ్రంలో, పళ్లెంలో కాలర్ ఉందేమో చూడండి. ఉంటే అది లింకులో ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. మూడు వరసల లింకుల్లో ఎక్కువగా నడిమి భాగంలో ఉంటుంది, కొన్ని మోడళ్లలో అంచు భాగంలో ఉంటుంది.

సుత్తితో చేసేవాళ్లు దిమ్మె గాడిలో చైనును బాణం కిందికి చూపేలా నిలిపి, పిన్ను కింద ఖాళీ రంధ్రం ఉండేలా జరిపి, పంచ్‌ను నిట్టనిలువుగా పట్టుకుని చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. ఒక్క పెద్ద దెబ్బ కన్నా పది చిన్న దెబ్బలు నయం.

కదలని పిన్ను

ముందు బాణం దిక్కు మళ్లీ చూడండి. ఎదురు దిక్కున నెడితే చీలిక పిన్ను విచ్చుకున్న కొన మొత్తం రంధ్రాన్ని ఒరుసుకుంటూ లోపలికి వెళ్లాల్సి వస్తుంది, అందుకే మొండికేస్తుంది. దిక్కు సరిగ్గానే ఉంటే కారణం సాధారణంగా మురికి. ఏళ్లతరబడి పెట్టుకున్న చైనులో చెమట, దుమ్ము, సబ్బు కలిసి పిన్ను చుట్టూ గట్టిపడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో గాలిలోని ఉప్పు దీనికి తోడవుతుంది.

చైనును వాచీనుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో కీళ్లు రుద్ది ఆరబెట్టండి. అప్పటికీ కదలకపోతే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క పిన్ను రెండు కొనలకూ వేసి మరో అరగంట ఆగండి. ఈ నూనె డయల్ ఉన్న వాచీ భాగానికి తగలకూడదు, రబ్బరు వాషర్లకు చేటు. తర్వాత స్క్రూ పరికరం కాకుండా సుత్తి, పంచ్ వాడండి. మొండి పిన్నును నిదానపు ఒత్తిడి కన్నా అదురు బాగా కదిలిస్తుంది. ఇన్ని చేశాక కూడా కదలకపోతే, లేదా సూది విరిగి రంధ్రంలోనే ఉండిపోతే, వాచీ రిపేరు షాపుకు తీసుకెళ్లండి. రంధ్రం అంచు చెడితే లింకే మార్చాలి, అది అన్ని మోడళ్లకూ దొరకదు.

తిరిగి కలపడం

ఇక్కడ దిక్కు తిరగబడుతుంది. పిన్ను బాణం వైపునుంచి బయటికి వచ్చింది కదా, తిరిగి ఆ బాణం మొన వైపునుంచే, బాణానికి ఎదురుగా లోపలికి వెళ్లాలి. చీలిక పిన్ను అయితే చీలిక లేని కొన ముందు వెళ్లాలి, చీలిక ఉన్న కొన చివర్న రావాలి.

ముందుగా రెండు చివరలనూ చూడండి. అన్ని లింకుల బాణాలూ లోపలి వైపే, ఒకే వరసలో ఉండాలి. కాలర్ రకమైతే ట్వీజర్‌తో కాలర్‌ను దాని చోట నిలబెట్టి, తర్వాత లింకులు దగ్గరకు తేవాలి. రంధ్రాలు ఒకే గీతలోకి వచ్చాయో లేదో వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే తెలుస్తుంది, గొట్టం లోంచి చూసినట్టు అవతలి వెలుగు గుండ్రంగా కనిపించాలి. చంద్రవంకలా సగమే కనిపిస్తే కాస్త సర్దండి.

పిన్నును వేళ్లతో నెట్టండి. కొంత దూరం తేలికగా వెళ్లి, ఆ తర్వాత అడ్డుపడాలి. ఆ అడ్డు ఉండటమే మంచి గుర్తు. చివరి భాగాన్ని సుత్తితో చిన్న దెబ్బలు వేసి దించండి. కొన చైను అంచుతో సమంగా, లేదా వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. అంచుతో సమమయ్యాక దెబ్బ చైను మీద పడకుండా పంచ్ కొన ఆనించి చివరి దెబ్బ వెయ్యండి.

పిన్ను మొత్తం వేళ్లతోనే పూర్తిగా లోపలికి వెళ్లిపోయిందంటే ఆగిపోండి. కాలర్ పోయిందన్నా అవ్వాలి, చీలిక కొన మూసుకుపోయిందన్నా అవ్వాలి. కాలర్ లేని పిన్ను ఒకటి రెండు రోజులు నిలిచినట్టే ఉంటుంది, తర్వాత నడుస్తుండగా జారి వాచీ రోడ్డు మీద పడుతుంది. పళ్లెం, ఒడి, బల్ల కింద వెతికి కాలర్ దొరికాకే ముందుకు వెళ్లండి. చీలిక మూసుకుపోయి ఉంటే పిన్ను మార్చడమే సరైనది. కొత్తది తెచ్చేదాకా సన్నటి బ్లేడు మొనతో చీలికను అతి కొద్దిగా విప్పి వాడవచ్చు, కానీ ఎక్కువ విప్పితే కొన విరుగుతుంది.

పెట్టుకునేముందు పరీక్ష

కలిపిన కీలు దగ్గర చైనును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగండి. తర్వాత పుల్ల మొనతో పిన్ను రెండు కొనలనూ నొక్కండి, కదలకూడదు. చైనును నిలువుగా పట్టుకుంటే ఆ కీలు మిగతా కీళ్లలాగే తన బరువుకు తానే వంగాలి. బిర్రుగా నిలిచిపోతే పిన్ను వంగింది, లేదా లింకు తలకిందులుగా పడింది.

వాచీ పెట్టుకుని, చెయ్యి పక్కకు వదిలేయండి. చైను కొద్దిగా జారాలి, ఎముక దాటకూడదు. బకిల్ కిందికి చిటికెన వేలి కొన దూరాలి. బొటనవేలు దూరితే వదులు, చిటికెన వేలు కూడా దూరకపోతే బిగువు. మణికట్టును వెనక్కి పూర్తిగా వంచి, ఏదైనా కుర్చీ చేతిని పట్టుకుని లేచినట్టు బరువు వేసి చూడండి, ఆ భంగిమలో ఒత్తుకుంటుంటే ఒక రంధ్రం వదులు చెయ్యండి. చేతి వెంట్రుకలు లాగుతున్నాయంటే మాత్రం సమస్య బిగువు కాకపోవచ్చు, వదులైన చైను పైకి కిందికి ఆడుతూ కీళ్ల మధ్య వెంట్రుకలు పట్టడమూ ఉంది. అప్పుడు ఒక రంధ్రం బిగించి చూడండి.

మొదటి వారంలో రోజూ పడుకునేముందు చైను రెండు అంచుల మీదా గోరు నడిపి చూడండి. పిన్ను బయటికి జారడం మొదలైతే గోరుకు ముందే తగులుతుంది, తర్వాతే కంటికి మెరుపు చుక్కలా కనిపిస్తుంది. అలా తగిలిన పిన్నును లోపలికి కొట్టి ఊరుకోకండి, మళ్లీ జారుతుంది, మార్చండి. తీసిన లింకులు, మిగిలిన పిన్నులు, కాలర్లు చిన్న జిప్ కవర్‌లో వేసి వాచీ పెట్టెలోనే ఉంచుకోండి. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి, మందం, పొడవు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకోండి. పొడవు అర మిల్లీమీటరు ఎక్కువైనా కొన చొక్కా మణికట్టుకు గీరుకుంటుంది, అర తక్కువైతే పట్టు దొరకదు.